పదహారో స్టెప్ తర్వాత పెరిగిన లాస్

ల్యాబ్ రిపోర్టులో నేను రాసిన వాక్యం ఇది: "లెర్నింగ్ రేట్ ఎక్కువ కావడంతో లాస్ పైకీ కిందకీ ఊగి, చివరికి పెరిగిపోయింది." చదివిన సీనియర్ అక్క గ్రాఫ్ నా ముందు పెట్టి, "ఊగింది ఎక్కడో చూపించు" అంది. చూపించలేకపోయాను. లాస్ 50 దగ్గర మొదలై నున్నగా దిగింది, పదహారో స్టెప్ దగ్గర 3.9 తాకింది, అక్కడి నుంచి అంతే నున్నగా పెరిగి నలభయ్యో స్టెప్‌కి 215 అయింది. పుస్తకాల్లో చూసిన జిగ్‌జాగ్ బొమ్మ నా మెదడులో ఉంది, దాన్నే రాసేశాను.

ఆ రాత్రి ప్రయోగం మళ్లీ నడిపాను. మామూలు గ్రేడియెంట్ డిసెంట్, రెండే పారామీటర్లు, లెర్నింగ్ రేట్ 0.1.

```
w1, w2 = 10.0, 0.1
for k in range(41):
    print(k, w2, 0.5*(w1**2 + 21*w2**2))
    w1, w2 = w1 - 0.1*w1, w2 - 0.1*21*w2
```

ఈసారి `w2` కూడా ప్రింట్ చేశాను: 0.1, -0.11, 0.121... ఊగుతున్నది ఇదన్నమాట! ప్రతి స్టెప్‌లో ఇది 1 - 0.1×21, అంటే -1.1తో గుణింపబడుతోంది. గుర్తు మారుతుంది, పరిమాణం పెరుగుతుంది. లాస్‌లో దాని వర్గమే ఉంటుంది కాబట్టి గుర్తు మాయమై, ఆ భాగం ప్రతిసారీ 1.21 రెట్లవుతుంది. `w1` భాగమేమో 0.81 రెట్లు చొప్పున తగ్గుతుంది. మొదట్లో లాస్ దాదాపు అంతా `w1`దే, అందుకే దిగింది. `w2` భాగం మొదట 0.1 మాత్రమే. అది పెరిగి పెద్దదయ్యాక గ్రాఫ్ తిరగబడింది. నమ్మకం కుదరక పక్కపక్క లాస్‌లను భాగించి చూశాను. ముప్పయ్యో స్టెప్ దాటాక వరుసగా 1.21 వచ్చింది.

లెర్నింగ్ రేట్ 0.09 పెడితే ఇంకా తమాషా. `w2` ప్రతిసారీ గుర్తు మారుస్తూనే ఉంది, లాస్ మాత్రం ఒక్కసారి కూడా పెరగలేదు. హద్దు 2/21, అంటే సుమారు 0.095. ఇలాంటి వర్గ ఫంక్షన్‌లో, మొత్తం డేటాతో నడిపినప్పుడు, ఆ హద్దుకి లోపల లాస్ దిగుతూనే ఉంటుంది. న్యూరల్ నెట్‌వర్క్‌లో వంపు స్థిరంగా ఉండదు, అక్కడ లాస్ ఒకసారి పెరిగి మళ్లీ దిగవచ్చు.

నా వివరణలో కారణం సరైనదే, వర్ణన తప్పు. రిపోర్టులో రెండో గ్రాఫ్‌కి మాత్రం కారణమే తప్పు రాశాను, అక్కడా లెర్నింగ్ రేటే ఎక్కువైందని. అది మినీ బ్యాచ్‌లతో నడిపిన లీనియర్ రిగ్రెషన్. లాస్ ఒకే ఎత్తు చుట్టూ గజిబిజిగా ఎగిరిపడుతోంది, పెరగడం లేదు. రేటు తగ్గిస్తే ఎగుడుదిగుళ్లు తగ్గాయని దాన్నే రుజువుగా పెట్టాను. వాటికి కారణం బ్యాచ్ నాయిస్ అయినా రేటు తగ్గిస్తే తగ్గుతాయి కదా, అది తేడా తేల్చే పరీక్ష కాదు. అదే రేటు ఉంచి, డేటా మొత్తాన్నీ ఒకే బ్యాచ్‌గా ఇచ్చాను. గీత నున్నగా దిగింది. పొద్దున్నే రెండు పేరాలూ కొట్టేసి, `w2` పట్టిక జతచేసి అక్కకి ఇచ్చాను.