చెరువు చారలు, కొండ గీతలు

హిందూపురం దగ్గర మా ఊరి చెరువు ఎండాకాలంలో ఇంకేటప్పుడు, నీళ్ళు వెనక్కి తగ్గిన చోట మట్టి మీద ఒక చార మిగిలేది. ఇంకో పది రోజులకు దానికి కింద ఇంకో చార. చిన్నప్పుడు మేము ఒక్కో చార పట్టుకుని చెరువు చుట్టూ నడిచేవాళ్ళం. ఒకే చార మీద ఎంత దూరం పోయినా ఎక్కడమూ ఉండదు, దిగడమూ ఉండదు. బెంగళూరులో సర్వే ఆఫీసులో చేరిన మొదటి వారం నా టేబుల్ మీద ఒక కాంటూరు షీటు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపిన పటం, పరిచినప్పుడు ఆ చారలు నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఒక వారం పని తప్పేది.

పని ఏమిటంటే, కనకపుర రోడ్డు అవతల ఒక చిన్న గుట్ట మీద పాత గుడి ఉంది. ముసలివాళ్ళు కూడా ఆగకుండా నడిచి పోగలిగే దారి కావాలని ఆ ఊరివాళ్ళు అడిగారు. మెట్లు వద్దన్నారు. మా ఆఫీసులో కోలారు వైపు పెద్దాయన ఒకరు ఉన్నారు, నేను అన్నా అని పిలుస్తాను. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఆయన షీటు నా చేతికిచ్చి, "దారి గీసి చూపించప్పా" అన్నారు.

షీటు స్కేలు 1:2000. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద ఇరవై మీటర్లు. ఒక గీతకూ పక్క గీతకూ ఎత్తు తేడా రెండు మీటర్లు. రోడ్డు దగ్గర గీత మీద 882 అని ఉంది, గుడి దగ్గర 930. సముద్ర మట్టం నుంచి లెక్క అది. తేడా 48 మీటర్లు, అంటే గీతల మధ్య ఖాళీలు 24. రోడ్డు నుంచి గుడికి తిన్నగా స్కేలు పెడితే 13 సెంటీమీటర్లు, నేల మీద 260 మీటర్లు. 260 మీటర్లకు 48 మీటర్లు ఎక్కడం అంటే ఐదున్నరకు ఒకటి కంటే కాస్త ఎక్కువ వాలు. పరవాలేదులే అనుకున్నాను.

అన్న ఆ లెక్క చూసి ఒక్క మాటే అన్నారు: "సగటు నడవదప్పా, మనిషి నడుస్తాడు." ఆయన పెన్సిల్‌తో చూపించాక తెలిసింది. కింద రోడ్డు పక్కన నాలుగు ఖాళీలు రెండేసి సెంటీమీటర్ల వెడల్పున్నాయి. నలభై మీటర్లు నడిస్తే రెండు మీటర్లు ఎక్కుతాం, చేను గట్టు మీద నడిచినట్టు ఉంటుంది. ఆ నాలుగు ఖాళీలే 260 మీటర్లలో 160 తినేశాయి. మిగిలిన ఇరవై ఖాళీలు చివరి వంద మీటర్లలో ఇరుక్కుని ఉన్నాయి. అక్కడ గీతకూ గీతకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లే, నేల మీద ఐదు మీటర్లు. ఐదు మీటర్లకు రెండు మీటర్లు ఎక్కాలి. మా అమ్మ ఆ వాలు ఎక్కలేదు. మా చెరువులోనూ అంతే కదా: అలుగు వైపు చదునైన నేలలో చారలు దూరదూరంగా, కట్ట రాళ్ళ వైపు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉండేవి. నీళ్ళు తగ్గింది రెండు చోట్లా అంతే.

అందుకని తిన్నగా పోయే దారి మానేసి, కొండ వెన్ను పట్టుకుని ఎక్కుదాం అనుకున్నాను. వెన్ను మీద వాలు తక్కువ ఉంటుంది, వాన నీళ్ళు రెండు పక్కలకూ జారిపోతాయి, దారి కోసుకుపోదు. ఆలోచన మంచిదే. షీటు మీద గీతలు ఒకచోట వరసగా కోసుగా, ఒకదాని వెనక ఒకటి దూరి ఉన్నాయి. అదే వెన్ను అని ఎర్ర పెన్సిల్‌తో గీసేశాను. మర్నాడు టీముతో సైటుకు పోయాం. మొదటి వంద మీటర్లు బాగానే ఉంది. ఆ తరువాత లంటానా పొద, దాని కింద చల్లటి తడి మట్టి, కాళ్ళ కింద నున్నగా అరిగిన గుండ్రాళ్ళు. నీళ్ళు దొర్లిస్తే తప్ప రాళ్ళకు ఆ నునుపు రాదు. నేను దారి గీసింది కొండ వెన్ను మీద కాదు, వాన నీళ్ళు పారే వంక మీద. వానాకాలంలో ఆ దారి గుడికి పోదు, చెరువుకు పోతుంది. కన్నడంలో దాన్ని హళ్ళ అంటారు. మా సైటు కుర్రాడు "ఇదు హళ్ళ సార్" అన్నప్పుడు ఆ మాట నాకు ఇంకా తెలియదు. కానీ ఆ రాళ్ళు చూస్తే ఏ భాషా అక్కర్లేకపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో అన్న ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పారు. కాగితం మీద వెన్నూ వంకా రెండూ ఒకేలా కోసుగా ఉంటాయి. ఆకారం చూసి తేల్చుకోకూడదు, అంకెలు చూసి తేల్చుకోవాలి. కోసు పెద్ద అంకె వైపు, అంటే మెరక వైపు పొడుచుకుపోతే అది వంక. చిన్న అంకె వైపు, పల్లం వైపు ముందుకొస్తే అది వెన్ను. ఎందుకో నాకు చెరువుతోనే అర్థమైంది. చెరువు నిండినప్పుడు నీళ్ళు వంక నోట్లోంచి పైకి పాకుతాయి, అంచు ఎగువ వైపు కోసుగా దూరుతుంది. అదే ఒక గుట్ట ముక్కు చెరువులోకి చొచ్చుకుని ఉంటే, అంచు దాని చుట్టూ తిరిగి నీళ్ళ వైపు ఉబ్బుతుంది. కాంటూరు అంటే ఆ నీటి అంచే. ఆ రోజు నుంచీ ఏ షీటు చూసినా ముందు మనసులో నీళ్ళు నింపి చూస్తాను.

అంకె చదవకుండా పోతే ఇంకో చోట కూడా దెబ్బ తింటాం. బెంగళూరు చుట్టుపక్కల రాతి క్వారీలు చాలా. క్వారీ గుంత కూడా షీటు మీద గుట్టలాగే ఒకదానిలో ఒకటి మూసుకున్న వలయాలుగా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, గుంత గీతలకు లోపలి వైపు పళ్ళలాంటి చిన్న గీట్లు ఉంటాయి, అంకెలు లోపలికి పోయేకొద్దీ తగ్గుతాయి.

ఇక దారి. అన్న డ్రాయర్‌లోంచి స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే డివైడర్ తీశారు. "వాలు ఎంత కావాలో ముందు నువ్వే చెప్పు, గీతలు తరువాత చూద్దాం" అన్నారు. పదికి ఒకటి అనుకున్నాం. చక్రాల కుర్చీకి అది సరిపోదు, దానికి పన్నెండుకు ఒకటి కంటే ఎక్కువ వాలు పెట్టరు. ఇక్కడ నడిచేవాళ్ళ కోసం అడిగారు. రెండు మీటర్లు ఎక్కడానికి ఇరవై మీటర్లు నడవాలి, కాగితం మీద ఒక సెంటీమీటరు. డివైడర్ రెండు మొనల మధ్య సరిగ్గా ఒక సెంటీమీటరు పెట్టి బిగించాం. ఆ తరువాత దాన్ని కదపకూడదు.

ఒక మొన 890 గీత మీద పెట్టి, రెండో మొనను తిప్పితే అది 892 గీతను ఎక్కడ తాకుతుందో అక్కడ చుక్క. ఆ చుక్క మీద మొన పెట్టి 894కు. కింద నాలుగు ఖాళీల్లో మొన పై గీతను అందుకోలేదు. దాని అర్థం నేల వాలు మనం కోరుకున్న దాని కంటే తక్కువగానే ఉందని. అక్కడ ఎటు తిన్నగా ఉంటే అటు పోవచ్చు. పైకి వెళ్ళాక గీతలు దగ్గరయ్యాయి, మొన పై గీతను ఎడమ పక్క ఒకచోట, కుడి పక్క ఒకచోట తాకుతుంది. రెండింట్లో ఏది ఎంచుకోవాలన్నదే అసలు పని. ఎడమ వైపు ఎంచుకుంటూ పోతే దారి నిన్నటి వంకలోకి పోతుంది. కుడి వైపు పోతే ఈశాన్యాన అసలు వెన్ను ఉంది. ఈసారి అంకెలు రెండుసార్లు చదివాను, కోసు చిన్న అంకె వైపే ఉంది.

వెన్ను ఇంకో రకంగా కూడా మేలు చేసింది. మొదట చూసిన ఆ నిటారు వాలులో రెండు మీటర్ల వెడల్పు దారిని అడ్డంగా వేస్తే, లోపలి అంచుకూ బయటి అంచుకూ ఎనభై సెంటీమీటర్లు తేడా వస్తుంది. అంత కొండను కోయాలి, కోసిన చోట గోడ కట్టాలి. వెన్ను మీద గీతలు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి ఏటవాలుగా పోతే చాలు, కోత చాలా తగ్గింది. మలుపులు మాత్రం డివైడర్‌కు తెలియవు. దారి వెనక్కి తిరిగే చోట మనిషి నిలబడడానికి కాస్త చదును కావాలి. అందుకని గీతలు విడిగా ఉన్న చోట్లు చూసి మలుపులు అక్కడికి జరిపాం. మొత్తం కూడితే కింద 160, పైన ఇరవై ఖాళీలకు ఇరవయ్యేసి చొప్పున 400, కలిపి 560 మీటర్లు. తిన్నగా పోయే దూరానికి రెట్టింపు పైనే. ఊరిపెద్ద ఇంత దూరమా అని అడిగారు. అన్న ఆయనకు రెండు దారులూ కొంత దూరం నడిపించి చూపించారు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఆ వారంలోనే ఎవరో షీటును చిన్న కాగితం మీద సగానికి కుదించి ప్రింటు తీసి సైటుకు తెచ్చారు. మూల మీద 1:2000 అని అలాగే ఉంది. కానీ కుదించాక ఒక సెంటీమీటరు నలభై మీటర్లవుతుంది. అదే డివైడర్‌తో నడిస్తే వాలు ఇరవైకి ఒకటిగా, దారి అనవసరంగా రెట్టింపు పొడవుగా వస్తుంది. రాసిన అంకెను నమ్మకుండా కింద గీసి ఉన్న స్కేలు పట్టీని కొలిస్తే చాలు. కాగితంతో పాటు పట్టీ కూడా కుదించుకుపోతుంది కాబట్టి అది అబద్ధం చెప్పదు.

చుక్కల ప్రకారం సైటులో పెగ్గులు కొట్టాం, ఆటో లెవెల్ పెట్టి ప్రతి పెగ్గు ఎత్తూ సరిచూశాం. పదిహేడో పెగ్గు దగ్గర మనిషి ఎత్తు బండ ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంది. షీటులో దాని జాడే లేదు. సర్వే చేసినప్పుడు పది మీటర్లకు ఒకచోట ఎత్తు కొలిచారు, మధ్యలో గీతలు లెక్కగట్టి గీసినవి. ఆ పది మీటర్ల మధ్యలో ఈ బండ ఉండిపోయింది. రెండు మీటర్ల గీతల షీటులోనే ఇలా ఉంటే, సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 మ్యాపులో సాధారణంగా గీతకూ గీతకూ ఇరవై మీటర్ల తేడా. రామనగర లాంటి బండల సీమలో ఆ ఇరవై మీటర్ల మధ్య ఎంత నిటారు బండైనా దాక్కోవచ్చు. కొండ ఎటు వంగిందో, వంక ఎటు పోతుందో ఆ మ్యాపులో చక్కగా తెలుస్తుంది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు.

రెండు పెగ్గులు వెనక్కి వచ్చి, పదిహేనో చుక్క మీద డివైడర్ పెట్టి, ఈసారి మొనను రెండో పక్కకు తిప్పాం. దారి బండకు పైనుంచి చుట్టి పోయింది. అన్న ఆ బండ నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పి, "ముసలోళ్ళు ఇక్కడ కూర్చుంటారప్పా, దీన్ని ఎవరూ పగలగొట్టకుండా షీటులో రాయి" అన్నారు. రాశాను.