శిల్పి చేత విగ్రహం చెక్కబడిందా, చెక్కబడుతున్నదా?

టెట్, డీఎస్సీలకు చదువుతున్న మిత్రులకు నా అభ్యాస పుస్తకంలోని ఒక తప్పు గురించి చెప్పాలని ఉంది. కర్తరి వాక్యాలను కర్మణిలోకి మార్చమని మా తెలుగు మాస్టారు పది వాక్యాలు ఇచ్చారు. మూడోది ఇది: "శిల్పి విగ్రహాన్ని చెక్కుతున్నాడు." నేను "శిల్పి చేత విగ్రహం చెక్కబడింది" అని రాశాను. కర్తకు 'చేత' చేర్చాను, కర్మకున్న 'ని' తీసేశాను, క్రియకు 'బడు' తగిలించాను. మనం బట్టీ పట్టే మూడు మార్పులూ ఉన్నాయి. అయినా మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఒకే మాట రాశారు: "కాలం?"

నాకు వెంటనే అర్థం కాలేదు. నా జవాబును తిరిగి కర్తరిలోకి మార్చమన్నారు. మార్చాను. "శిల్పి విగ్రహాన్ని చెక్కాడు" అని వచ్చింది. ప్రశ్నలో ఉలి ఇంకా ఆడుతూనే ఉంది, నా జవాబులో పని ముగిసిపోయింది. అక్కడ ఉండవలసినది "చెక్కబడుతున్నది." అప్పటి నుంచి రాసిన ప్రతి జవాబునూ ఇలాగే వెనక్కి తిప్పి చూస్తున్నాను. మొదటి వాక్యం మళ్లీ అక్షరం తేడా లేకుండా వస్తేనే అది సరైన జవాబు.

ఈ తప్పు ఎందుకు జరుగుతుందో చాలా రోజులు గమనించాను. మనం నేర్చుకునే ఉదాహరణల్లో ఎక్కువ భాగం భూతకాలంలోనే ఉంటాయి. రావణుడు రాముని చేత చంపబడ్డాడు, గ్రంథం కవి చేత రచించబడింది. వాటిని వల్లె వేసీ వేసీ 'బడింది' అన్నదే కర్మణికి గుర్తు అని మనసులో పడిపోతుంది. కర్మణికి గుర్తు 'బడు' మాత్రమే. దాని తర్వాత వచ్చే 'ఇంది' భూతకాలాన్ని చెబుతుంది.

అందుకే నేను క్రియను మూడు ముక్కలు చేసి చూస్తాను. చెక్కు, తున్నా, డు. మొదటిది ధాతువు, రెండోది కాలం, మూడోది కర్తను సూచించే ముక్క. కర్మణిలో ధాతువు 'చెక్కబడు' అవుతుంది. చివరి ముక్క విగ్రహాన్ని అనుసరించి 'ది' అవుతుంది. మధ్య ముక్క మాత్రం మారకూడదు. చెక్కబడు, తున్న, ది. విగ్రహాలైతే "చెక్కబడుతున్నాయి." గ్రాంథికంలో అడిగినా ఇదే దారి: చెక్కుచున్నాడు, చెక్కబడుచున్నది.

అసలు చిక్కు తద్ధర్మంలో వస్తుంది. "శిల్పి విగ్రహాలను చెక్కుతాడు" అంటే అది అతని వృత్తి, అలవాటు. కర్మణిలో "శిల్పి చేత విగ్రహాలు చెక్కబడతాయి." ఏకవచనమైతే "చెక్కబడుతుంది." ఇక్కడ 'తా' కాస్తా 'తుం' అయింది కనుక కాలం మారిందేమోనని అనుమానం వస్తుంది. మారలేదు, కర్మను బట్టి రూపం మారిందంతే. పరీక్షలో "చెక్కబడుతుంది", "చెక్కబడుతోంది" పక్కపక్కన ఇస్తే తొందరలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది తద్ధర్మం లేదా భవిష్యత్తు, రెండోది వర్తమానం.

తద్ధర్మం గుర్తుండాలంటే మన బజారులోని బోర్డులు చూడండి. "ఇచ్చట బట్టలు కుట్టబడును" అని దర్జీ రాయిస్తాడు. ఎప్పుడూ జరిగే పని కాబట్టి అది 'బడును'. అదే బోర్డు మీద "కుట్టబడినవి" అని ఉంటే, కుట్టడం అయిపోయిందనుకుని గుడ్డతో వచ్చినవాడు వెనుదిరుగుతాడు. ఒక్క ప్రత్యయం ఎంత పని చేస్తుందో నాకు ఆ బోర్డు దగ్గరే బాగా తెలిసింది.

నేటి తెలుగులో భవిష్యత్తుకూ తద్ధర్మానికీ క్రియారూపం ఒకటే. "ప్రభుత్వం వచ్చే ఏడాది వంతెనను నిర్మిస్తుంది" అన్న వాక్యంలో భవిష్యత్తును చెప్పేది "వచ్చే ఏడాది" అన్న మాట. కర్మణిలోకి మార్చేటప్పుడు దాన్ని వదిలేస్తే క్రియ సరిగ్గా ఉన్నా కాలం జారిపోతుంది. "ప్రభుత్వం చేత వచ్చే ఏడాది వంతెన నిర్మించబడుతుంది" అని పూర్తిగా రాయాలి.

వ్యతిరేక వాక్యాలలో ఇంకా జాగ్రత్త కావాలి. "చెక్కలేదు" భూతకాలం, "చెక్కడం లేదు" వర్తమానం. రెండింటిలోనూ 'లేదు' కనిపించడంతో నేను రెండింటికీ "చెక్కబడలేదు" అనే రాసేవాణ్ని. అది మొదటిదానికే సరిపోతుంది. రెండోది "చెక్కబడడం లేదు." ఇక "చెక్కడు" అన్నది "చెక్కబడదు" అవుతుంది. ఎర్ర సిరా పడిన ఆ పది వాక్యాలనూ వెనక్కి తిప్పి చూసినప్పుడు, మాస్టారు కొట్టేసిన మిగతా రెండూ ఈ వ్యతిరేక వాక్యాలే.