రెండింటికి గేటు దగ్గర

పోయిన నెల మా రొయ్యల ప్లాంటుకి సరుకు ఎక్కువొచ్చింది. రెండు నుంచి పది దాకా చేసే మమ్మల్ని ఇంకో నాలుగు గంటలు ఉండమన్నారు. ఓటీ ఇస్తారు కదా అని సరే అన్నాను. ఐస్ నీళ్లలో వేళ్లు మొద్దుబారిపోయాయి.

రెండింటికి గేటు దగ్గరకొస్తే బస్సు లేదు, అది పదింటికే వెళ్లిపోయిందట. ఒంగోలు దాకా ఆటోకి మూడొందలు.

జీతం స్లిప్ వచ్చాక ఆ రాత్రికి ఓటీ 240, నైట్ అలవెన్స్ 60 అని ఉంది. అంతకుముందు లెక్కేసుకోలేదు, అదే నా తప్పు. నా జీతం 12,480. 26 రోజులతో భాగిస్తే రోజుకి 480, గంటకి 60. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు కట్టాలి, అంటే గంటకి 120, నాలుగు గంటలకి 480. వాళ్లు మామూలు రేటే వేశారు. అలవెన్స్ చూపించి సరిపెట్టారు గానీ, అది ఓటీకి బదులు కాదు. మొత్తం 300 వస్తే, ఆటోకే సరిపోయింది!

ఈసారి సూపర్‌వైజర్ అడిగినప్పుడు నేనే ముందడిగాను. "అన్నా, ఓటీ రెట్టింపేనా, బేసిక్ మీదా మొత్తం మీదా? అలవెన్స్ విడిగానా? రెండింటికి బండి ఉందా? పొద్దున ఆరింటి షిఫ్ట్‌కి రమ్మంటారా?" చివరిదానికి "రావాల్సిందే" అన్నాడు. ఇంటికెళ్లి పడుకునేసరికి మూడు, మళ్లీ ఐదింటికి లేవాలి. కుదరదన్నాను. మిగతావి వాట్సాప్‌లో పెట్టమన్నాను, ఇంకా పెట్టలేదు.