మా ఎండీ గారి నాలుగు నిమిషాలు

నిన్న రాత్రి భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటు వార్షికోత్సవం. ఎండీ గారి స్వాగతోపన్యాసం రాసే పని నాకు అప్పగించారు. ఎదురుగా కూర్చునేది రొయ్యల తలలు తీసే ఆడవాళ్లు, కోల్డ్ స్టోరేజీ కుర్రాళ్లు, లారీ డ్రైవర్లు, అకౌంట్సు వాళ్లు, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు, అందరి పిల్లలూ.

పాత ప్రసంగాల్లో వేదిక మీదివాళ్ల బిరుదులకే సగం సమయం పోయేది. ఈసారి వాళ్లందరికీ కలిపి ఒకే వాక్యం. టర్నోవరు, ఎగుమతి టన్నులు నివేదిక చదివే మేనేజరుకు వదిలేశాం. మిగిలిన చోటంతా పనికి ఇచ్చాం:

"చెరువు నుంచి వచ్చిన రొయ్యను ఐసు కరగకముందే శుభ్రం చేసే మీకు, మైనస్ 18 డిగ్రీల గదిలో పెట్టెలు సర్దే మీకు, వాటిని రేవుకు చేర్చే మీకు, మిమ్మల్ని పనికి పంపి ఇల్లు చూసుకునే మీవాళ్లకు స్వాగతం."

ఇలా పేరు పేరునా పిలవడంలో ఒక చిక్కుంది. ఒక్క విభాగం తప్పిపోతే ఆ వరసలో కూర్చున్నవాళ్ల ముఖాలు అప్పుడే చెప్పేస్తాయి. అందుకే షిఫ్టుల హాజరు పట్టీ పక్కన పెట్టుకుని సరిచూశాం. క్యాంటీను, బాయిలరు, మురుగునీటి శుద్ధి వాళ్లు అలా చేరారు. ఒడియాలో ఒక వాక్యాన్ని తెలుగు లిపిలో రాసి, అక్కడి కార్మికుడి దగ్గరే పలకడం నేర్చుకున్నారు ఎండీ గారు. ఈలలు పడింది దానికే!

చివర్లో భోజనాల వేళ చెప్పి నాలుగు నిమిషాల్లో కూర్చున్నారు. తర్వాత లేచిన ముఖ్య అతిథి ఆ వేళను గంట వెనక్కి నెట్టారనుకోండి, అది వేరే సంగతి.