పీఈ 6 అని చూసి కొన్న షేరు

షేర్లు కొనడం మొదలుపెట్టిన కొత్తలో నాకు తెలిసిన కొలత పీఈ ఒక్కటే. షేర్ ధరను ఒక్కో షేరుకు వచ్చిన ఏడాది లాభంతో, అంటే ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. ఒక స్టీల్ కంపెనీ షేరు 300 దగ్గర ఉంది, గడిచిన నాలుగు త్రైమాసికాల ఈపీఎస్ 50. పీఈ 6 అన్నమాట. సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే ఇంకో కంపెనీ పీఈ మాత్రం 45. ఒక రూపాయి లాభానికి అక్కడ 45 రూపాయలు పెడుతున్నారు, ఇక్కడ 6 పెడితే చాలు. లాభం ఇలాగే ఉంటే ఆరేళ్లలో పెట్టింది మొత్తం సంపాదించేస్తుంది కదా అని స్టీల్ షేరు కొన్నాను.

కొన్ని నెలల్లో ధర 240కి పడింది. కొత్త ఫలితాల్లో ఈపీఎస్ 48 వచ్చింది, కాబట్టి పీఈ 5కి దిగింది. ఇంకా చవక అయిందనుకుని మరికొన్ని తీసుకున్నాను. ఆ తర్వాతి త్రైమాసికాల్లో లాభాలు వరసగా పడిపోయాయి. ఏడాది తిరిగేసరికి ఈపీఎస్ 9, ధర 180. అప్పుడు పీఈ లెక్కేస్తే 20. ధర చూస్తే నలభై శాతం పోయింది, పీఈ చూస్తే మూడింతలకు పైగా పెరిగింది. పడిన షేరు మునుపటికన్నా ఖరీదైనదిగా ఎలా కనిపిస్తుందో నాకు ఎంతకీ అంతుపట్టలేదు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి లోహాల వ్యాపారంలో లెక్కలు చూస్తాడు. అడిగితే ఒకటే మాట అన్నాడు. “నువ్వు లవం చూసి బేరం ఆడావురా. హారం సంగతి చూశావా?”

హారం అంటే ఆ 50. అది ఎక్కణ్ణించి వచ్చిందో అన్నయ్య కాగితం మీద వేసి చూపించాడు. ఒక టన్ను ఉక్కు 100కు అమ్ముడవుతుందనుకో, తయారీకి 90 అవుతుంది, మిగిలేది 10. ఉక్కు ధర 130 అయితే, ఖర్చు పెద్దగా మారకపోతే, మిగిలేది 40. అమ్మకం ధర ముప్పై శాతం పెరిగితే లాభం నాలుగింతలు. ధర తిరిగి 100కి వస్తే ఆ లాభం అంతే వేగంగా పోతుంది. నేను కొన్న రోజు కంపెనీ ఆ 130 దగ్గర ఉంది. అమ్మినవాళ్లకు ఆ సంగతి తెలుసు. పీఈ 6 అంటే మార్కెట్ కంపెనీని పట్టించుకోలేదని కాదు, ఈ లాభం నిలవదని లెక్క కట్టిందని. సబ్బుల కంపెనీకి 45 ఇచ్చింది కూడా ఆ లాభం ఏటేటా వస్తుందని, పెరుగుతుందని నమ్మి. ఆ నమ్మకం తప్పు కావచ్చు, అది వేరే విషయం.

ఆ రాత్రే పాత వార్షిక నివేదికలు తీసి పదేళ్ల ఈపీఎస్ రాసుకున్నాను: 8, 12, 5, నష్టం 4, 10, 14, 9, 6, 30, 50. మొత్తం 140, సగటు 14. 300ను 14తో భాగిస్తే 21 పైచిలుకు. నేను చవక అనుకున్నది, మామూలు లాభాల లెక్కన, అసలు చవకే కాదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. షేర్ల విశ్లేషణ మీద పుస్తకం రాసిన గ్రాహం, డాడ్ 1934లోనే అనేక ఏళ్ల సగటు లాభం తీసుకోమన్నారు. అమెరికా ఆర్థికవేత్త షిల్లర్ వాడే పదేళ్ల పీఈ కూడా ద్రవ్యోల్బణాన్ని సర్దిన సగటు లాభంతోనే కడతారు.

దీని రెండో వైపు కూడా చూడాలి. 2009లో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ పీఈ 100 దాటింది. షేర్లు ఎగిసినందుకు కాదు, సంక్షోభంలో లాభాలు దాదాపు ఆవిరైనందుకు. అప్పుడు ఆ అంకె చూసి ఖరీదని దూరంగా ఉన్నవాళ్లు, నేను 6 చూసి చేసిన పొరపాటునే తిరగేసి చేశారు.

సగటు కూడా అన్నిచోట్లా పనిచేయదు. కంపెనీ మధ్యలో కొత్త ప్లాంటు పెట్టి ఉత్పత్తి రెండింతలు చేసినా, కొత్త షేర్లు జారీ చేసినా పాత ఈపీఎస్‌ను ఇప్పటిదానితో కలిపి చూడకూడదు. అలాంటప్పుడు నేను అమ్మకాల్లో లాభం ఎంత శాతమో చూస్తాను. పదేళ్లలో మామూలుగా పది ఉండి, ఈ ఏడు ఒక్కసారిగా ముప్పై కనిపిస్తే పీఈ ఎంత తక్కువున్నా ఆగుతాను.

ఆ షేర్లు అమ్మలేదు. 180 దగ్గర సగటు లాభానికి పీఈ 13 కంటే కాస్త తక్కువే పడుతోంది. నేను మొదటిసారి కొన్నప్పుడు వేయాల్సిన లెక్క ఇదే.