ఊరికి దగ్గరి ఆసుపత్రి ఏదో ఎక్సెల్‌లో తేల్చేసరికి

ఆ షీటు ఇప్పుడే పంపించేశాను, దాని మీద కోపం చల్లారకముందే రాస్తున్నాను. ఎడమ పక్కన ఊళ్లు 300 పైచిలుకు, పైన అడ్డంగా ఏడు ఆసుపత్రుల పేర్లు, మధ్యలో కిలోమీటర్లు. ప్రతి ఊరికీ దగ్గరి ఆసుపత్రి పేరు చివరి కాలమ్‌లో రావాలి. మా పై ఆయన "కంటితో చూసి రాసేయమ్మా, సాయంత్రానికి అయిపోతుంది" అన్నారు. ఆయన ఒక్క వరస కూడా రాయరు కదా.

ఫార్ములా ఒక్క లైనే. MIN ఆ వరసలో చిన్న దూరం పట్టుకుంటుంది, అది ఎన్నో గడిలో ఉందో MATCH చెబుతుంది, ఆ గడి నెత్తిన ఉన్న పేరు INDEX తెస్తుంది.

```
=INDEX($B$1:$H$1, MATCH(MIN($B2:$H2), $B2:$H2, 0))
```

చివర ఉన్న ఆ సున్నా వదిలేస్తే MATCH దూరాలన్నీ చిన్న నుంచి పెద్దకు పేర్చి ఉన్నాయనుకుని నోటికొచ్చిన పేరు చెబుతుంది. డాలర్ గుర్తులు కూడా ఉన్నచోటే ఉండాలి, లేకపోతే కిందికి లాగినప్పుడు పేర్ల వరస జారిపోతుంది. ఇంతవరకూ టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

కాలమ్ నిండిపోయింది. ఎక్కడా #N/A లేదు. అలాగే సమీక్షకు వెళ్లింది. అక్కడ ఒక ఏఎన్ఎం గారు తెర మీద తన ఊరి వరస చూసి, "మా ఊరికి అంత దూరం ఆసుపత్రి చూపించారేంటి సార్, పక్కనే ఉందిగా" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ వరసలో నాలుగు దూరాలు చూడండి: 9.2, "3.8 కి.మీ.", 14, 7.5. మిగతావి ఇంకా ఎక్కువ. షీటు 7.5 ఉన్న ఆసుపత్రిని ఎంచింది. కారణం, మండలంలో ఎవరో మహానుభావుడు అంకె పక్కన కి.మీ. అని కూడా కొట్టారు. అలా కొడితే ఆ గడి అంకె కాదు, అక్షరాలు. MIN అక్షరాలను లెక్కలోకే తీసుకోదు, తీసుకోలేదని చెప్పదు కూడా. రెండో దగ్గరి ఆసుపత్రిని మొదటిదని మర్యాదగా చూపిస్తుంది. ఆ పేరు కూడా ఆ చుట్టుపక్కలదే కాబట్టి ఊరు తెలిసినవాళ్లకు తప్ప ఎవరికీ అనుమానం రాదు.

మామూలుగా అక్షరాలు గడిలో ఎడమకు, అంకెలు కుడికి ఒదుగుతాయి, చూడగానే తెలుస్తుంది. వీళ్లు అందంగా ఉంటుందని షీటు మొత్తాన్ని మధ్యకు సర్ది పంపారు! షీటుకు సోకులు చేసేవాళ్లంటే నాకు అందుకే మంట. పట్టుకోవడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టాను:

```
=COUNT($B2:$H2)
```

COUNT అంకెలనే లెక్కపెడుతుంది. అన్ని దూరాలూ సరిగ్గా ఉన్న ఊరికి 7 రావాలి. 7 కంటే తక్కువ వచ్చిన వరసలను వడగడితే బండారమంతా బయటపడింది. కి.మీ. అన్నదాన్ని రీప్లేస్‌లో ఖాళీతో మార్చాను. అయినా కొన్ని గడులు అక్షరాలుగానే మిగిలాయి. ఆ కాలమ్ ఎంచుకుని Text to Columns తెరిచి నేరుగా Finish నొక్కితే చాలావరకు అంకెలయ్యాయి. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన వాటిలో కంటికి కనబడని ఖాళీ ఒకటి దాక్కుంటుంది, TRIM దాన్ని కదిలించలేదు. దానికి ఇది:

```
=VALUE(SUBSTITUTE(C2,CHAR(160),""))
```

తర్వాత సున్నాల గొడవ. దూరం తెలియని చోట కొందరు 0 కొట్టారు, దాంతో ఆ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నట్టు వచ్చింది. సున్నాలన్నీ తీసేద్దామంటే నిజంగా ఆసుపత్రి ఉన్న ఊళ్లకూ సున్నాయే. సున్నా ఉన్న ప్రతి వరసా మండలానికి ఫోన్ చేసి అడగాల్సిందే, ఫార్ములా తేల్చేది కాదు. తెలియనిది ఖాళీగా వదిలేయమని చెప్పండి, ఖాళీని MIN పట్టించుకోదు.

ఇక గోదావరి ఒడ్డు ఊళ్లు. పట్టికలో కొన్ని దూరాలు మ్యాపు మీద గీత గీసి కొలిచినవి. వేలేరుపాడు మండలంలో రుద్రమకోటకు ఎదురుగా, నది అవతల కూనవరం. గీత ప్రకారం అక్కడి ఆసుపత్రే దగ్గర. కానీ రోడ్డు మీద పోవాలంటే బూర్గంపాడు, సారపాక మీదుగా వెళ్లి భద్రాచలం వంతెన దాటి, ఎటపాక మీదుగా వెనక్కి రావాలి. పడవలో దాటొచ్చు కదా అన్నారు ఒక సారు. వరద రోజుల్లో, నొప్పులు పడుతున్న మనిషితోనా? అలాంటి ఊళ్లకు అవతలి ఒడ్డు గడులు ఖాళీ చేసి, పక్కన "నది అడ్డం" అని రాసి, రోడ్డు దూరం అడిగాను. ఒక మండలం నుంచి ఇంకా రాలేదు. ఆ వరసలకు పసుపు రంగు వేసి అలాగే పంపించాను.