వెంచురీతో మిర్చికి 12:61:0 వదిలే తీరు: నా అనుభవం

మా నర్సంపేట దిక్కు చాలా బోర్లలో సున్నం ఎక్కువ. ఇలాంటి నీళ్లతో డ్రిప్పర్లు పూడేది ఎరువు కరగక మాత్రమే కాదు. కరిగిన భాస్వరం నీళ్లలోని సున్నంతో కలిసి పైపులోనే తెల్లగా పేరుకుంటుంది, దాన్ని ఫిల్టర్ ఆపలేదు. అందుకే డీఏపీ జోలికి పోను, పుల్లటి గుణమున్న భాస్వరం ఎరువు 12:61:0 వాడతాను.

అర ఎకరం వాల్వుకు రెండున్నర కిలోలు. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, ఎరువు కొంచెం కొంచెంగా వేసి కలిపి, 50 లీటర్లు చేస్తాను. వెంటనే వదలను. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు తీసి లీటరు బోరు నీళ్లలో కలిపి, గాజు సీసాలో రెండు గంటలు ఉంచుతాను. పైపులో వెళ్లే చిక్కదనం దాదాపు ఇంతే. సీసా పాలలా తెల్లబడినా, అడుగున పొడి దిగినా ఆ ఎరువు ఆ నీళ్లకు పనికిరాదు. కాల్షియం నైట్రేట్‌ను మాత్రం ఏ నీళ్లలోనైనా దీనితో కలపకూడదు, దాన్ని వేరే రోజు ఇస్తాను.

మొదట 20 నిమిషాలు వట్టి నీళ్లు పారిస్తాను. చివరి లేటరల్ వరకు ఒత్తిడి నిండాకే, డ్రమ్ములోని ఎరువు నీళ్లను పీల్చి పైపులోకి పంపే వెంచురీ తెరవాలి. వెంచురీ రెండు కొనల మధ్య మెయిన్ పైపు మీదుండే గేటు వాల్వును మెల్లగా మూస్తూ పోతే ముందు గేజ్ ఒకటిన్నర, వెనక గేజ్ ఒక కిలో దగ్గర నిలుస్తాయి, పీల్చడం మొదలవుతుంది. పది నిమిషాలకు 10 లీటర్లు తగ్గితే డ్రమ్ము 50 నిమిషాల్లో అయిపోతుంది. మొదట్లో పీల్చి మధ్యలో ఆగితే చాలామంది వెంచురీనే విప్పుతారు. అంతకంటే ముందు దాని తర్వాత ఉండే స్క్రీన్ ఫిల్టర్ చూడండి. అది నిండితే వెనక ఒత్తిడి పెరిగి రెండు గేజ్‌ల తేడా పోతుంది. ఫిల్టర్ కడిగితే చాలు.

డ్రమ్ములో రెండు వేళ్ల లోతు మిగిలినప్పుడే గొట్టం కొళాయి కట్టేస్తాను, లేకపోతే గాలి పీలుస్తుంది. మోటారు ఆపేముందు మరో 20 నిమిషాలు వట్టి నీళ్లు తప్పనిసరి. ఎరువు పైపులో నిలిస్తే పాచి పడుతుంది. కరెంటు మధ్యలో పోతే ఎరువు బోరులోకి పోకుండా మెయిన్‌లో నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి.

పూడుతున్న సంగతి మొక్క వాడేదాకా ఆగి తెలుసుకోవద్దు. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్ ఆరు నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. లేటరల్ మొదట ఒక గ్లాసు, చివర ఒక గ్లాసు పెట్టి కొలుస్తాను. చివరి గ్లాసు 170 దాటకపోతే ఎండ్ క్యాపులు విప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదులుతాను. వచ్చేది బురదైతే అంతటితో సరి. తెల్లటి పొరలు వస్తుంటే మాత్రం యాసిడ్ కడుగు పెట్టాల్సిందే.